రూ.436, రూ.20: క్యాంపులో బీమా స్లైడ్లు చెప్పిన నా అనుభవం

నేను బ్యాంక్ మిత్రగా పని చేస్తున్నాను. పంచాయతీ ఆఫీసులో క్యాంపు పెట్టినప్పుడల్లా పైనుంచి ఒక పీపీటీ పంపిస్తారు. అందులో ఏడాదికి 436 రూపాయలు కట్టే జీవన్ జ్యోతి, 20 రూపాయలు కట్టే సురక్షా బీమా రెండూ ఉంటాయి. మొదటి స్లైడులో నవ్వుతున్న కుటుంబం, తర్వాత 'రెండు లక్షల రక్షణ' అని పెద్ద అక్షరాలు. అసలు చెప్పాల్సిన సంగతి మాత్రం చివరి స్లైడులో, అడుగున, కళ్లద్దాలు పెట్టుకున్నా కనిపించనంత చిన్నగా ఉంటుంది: మెచ్యూరిటీ లేదు, కట్టిన సొమ్ము తిరిగి రాదు.

అందుకే నేను చివరి స్లైడు నుంచి మొదలుపెడతాను.

పోయిన అక్టోబరులో పెట్టిన క్యాంపుకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది డ్వాక్రా సంఘం ఆడవాళ్లు. పోస్టాఫీసు ఆర్డీ, సంఘం పొదుపు వాళ్లకు బాగా తెలుసు. నెలనెలా కడితే గడువు తీరాక వడ్డీతో వస్తుందన్నది వాళ్ల లెక్క. బీమా అనగానే అదే లెక్కలో పెట్టేస్తారు. అందుకని ముందే చెప్పేశాను: "అమ్మా, ఇది దాచుకునే డబ్బు కాదు. ఏడాదికి ఇంత కడతారు. ఆ ఏడాది మీకేమీ కాకపోతే ఆ డబ్బు పోయినట్టే. ఏమన్నా అయితే ఇంట్లోవాళ్లకు రెండు లక్షలు వస్తాయి." ఇద్దరు ముగ్గురు లేచి వెళ్లిపోయారు. వెళ్లనివ్వండి. తెలియక సంతకం పెట్టి, తర్వాత ఏ ఏడాదో "నా డబ్బు ఎప్పుడిస్తారు" అని కౌంటర్ దగ్గర గొడవపడేకంటే ఇదే నయం.

ఆ తర్వాత రెండు పథకాలకీ తేడా చెప్పాలి. స్లైడులో దీనికో టేబుల్ ఉంది, నిలువు గడులు, అడ్డ గడులు. చదవడం రానివాళ్లకు గడులతో ఏం పని? టేబుల్ పక్కనపెట్టి, ఊళ్లో జరిగేవే ఒక్కొక్కటీ చెప్పి వాళ్లనే అడిగాను.

"జ్వరమొచ్చి చనిపోయారనుకోండి. ఏది ఇస్తుంది?" 436 రూపాయలది, అంటే జీవన్ జ్యోతి. ఎలా పోయినా దాంట్లో రెండు లక్షలు వస్తాయి. 20 రూపాయల సురక్షా బీమా మాత్రం ప్రమాదానికే. జ్వరానికి రాదు, గుండెపోటుకీ రాదు. "తాటిచెట్టు మీంచి పడి పోతే?" ఈసారి కొందరు తడబడ్డారు. వెనక కూర్చున్న ఒకావిడ "రెండూ వస్తాయి కదమ్మా, నాలుగు లక్షలు" అంది. సరిగ్గా చెప్పింది. "నూర్పిడి మిషన్లో చెయ్యి పోయింది, మనిషి బతికే ఉన్నాడు. అప్పుడు?" 436ది బతికున్నవాళ్లకు ఏమీ ఇవ్వదు. 20 రూపాయలది లక్ష ఇస్తుంది. రెండు చేతులూ పనికిరాకుండా పోతే రెండు లక్షలు. అయితే చెయ్యి విరిగి కట్టు కట్టించుకుంటే పైసా రాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఆసుపత్రి ఖర్చులిస్తారని చాలామంది అనుకుంటారు.

పాము కాటు గురించి అడిగినప్పుడు కాస్త ఎక్కువసేపు ఆగాను. పాము కరవడం ప్రమాదం కిందకే వస్తుంది. కానీ ఆసుపత్రి కాగితం కావాలి. మా వైపు ఇప్పటికీ ముందు నాటు వైద్యుడి దగ్గరకు తీసుకెళ్తారు, మనిషి అక్కడే పోతే ఇంటికి తెచ్చి అదే రోజు దహనం చేసేస్తారు. అప్పుడు పాము కాటని చెప్పడానికి ఒక్క కాగితం ఉండదు, 20 రూపాయలది రాదు. రోడ్డు ప్రమాదమైతే పోలీసు రిపోర్టు కూడా కావాలి. 436ది మాత్రం మరణ ధ్రువపత్రంతో దరఖాస్తు చేసుకోవచ్చు. ఇదంతా చెప్పాక ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన, "అయితే ముందు పెద్దాసుపత్రికే పోవాలన్నమాట" అన్నాడు. బీమా సంగతి ఎలా ఉన్నా అది మంచిదేగా అన్నాను.

లియన్ పీరియడ్ అనే స్లైడు చూపించనే లేదు. "చేరిన మొదటి 30 రోజుల్లో జబ్బుతో పోతే 436ది ఇవ్వరు, ప్రమాదమైతే ఇస్తారు. మంచాన పడ్డాక చేర్పిద్దామంటే కుదరదు" అన్నాను. అర్థమైంది.

ఇక వయసు. ఒక జంట ముందుకొచ్చారు. ఆవిడకు 47, ఆయనకు 52. జీవన్ జ్యోతిలో చేరడానికి 18 నుంచి 50 ఏళ్లలోపు ఉండాలి. ఒకసారి చేరితే 55 దాకా కొనసాగించవచ్చు. ఆయనకు కుదరదు. సురక్షా బీమాకి 70 దాకా ఉంది కాబట్టి 20 రూపాయల ఫారం ఒక్కటే ఇచ్చాను. "నాకు యాభై కూడా నిండలేదు, ఆధార్‌లో తప్పు పడింది" అని ఆయన వాదించాడు. నిజమే కావచ్చు, కానీ బ్యాంకు చూసేది రికార్డులో ఉన్న పుట్టిన తేదీనే.

ఆవిడకు రెండు బ్యాంకుల్లో ఖాతాలున్నాయి. రెండో బ్యాంకులో కూడా కడితే నాలుగు లక్షలు వస్తాయా అని అడిగింది. రావు. ఒక మనిషికి ఒక్కో పథకం ఒక్కసారే. రెండోచోట కట్టింది వృథా. ఇప్పటికే ఎక్కడైనా కట్ అవుతోందేమో పాస్‌బుక్ చూసి మరీ ఫారం నింపాను.

తర్వాతది డబ్బు లెక్క. గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. ఈ బీమాల ఏడాది జూన్ 1 నుంచి మే 31 దాకా. అక్టోబరులో చేరితే మిగిలిన భాగానికే కాబట్టి జీవన్ జ్యోతికి 342 తీసుకుంటారు. సురక్షకి ఎప్పుడు చేరినా 20. అంటే ఆవిడ ఖాతాలోంచి ముందు 362 పోతుంది. మే నెలాఖరులో మళ్లీ 456 పోతుంది. క్యాంపులో ఈ రెండు అంకెలూ చెప్పకపోతే, "ఏడు నెలలకే మళ్లీ కోశారు, అదీ ఎక్కువ" అని వచ్చి నిలదీస్తారు. వాళ్ల తప్పేముంది? స్లైడులో ఈ సంగతే లేదు.

అసలు టెన్షన్ మే నెలతోనే. ఉపాధి హామీ కూలి పడగానే మొత్తం తీసేసుకోవడం అలవాటు. బ్యాంకు కట్ చేసే రోజుకి ఖాతాలో 456 లేకపోతే బీమా ఆగిపోతుంది, ఎవరూ ఇంటికొచ్చి చెప్పరు. తర్వాత మళ్లీ చేరొచ్చు గానీ, జీవన్ జ్యోతికి ఆ 30 రోజులు మళ్లీ మొదటికొస్తాయి. అందుకే ఆవిడ పాస్‌బుక్ వెనక అట్ట మీద పెన్నుతో 'మే 20 లోపు ఖాతాలో 500 ఉంచాలి' అని రాశాను. జూన్‌లో పాస్‌బుక్ ప్రింట్ చేయించి రెండు కోతలూ పడ్డాయో లేదో చూసుకోమన్నాను. అది చూసి మిగతావాళ్లూ పాస్‌బుక్కులు నా ముందు పెట్టారు.

నామినీ దగ్గర పెద్దగా ఆలస్యం కాలేదు. పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాయించాను, మైనర్ పిల్లల పేరు పెట్టినవాళ్ల చేత సంరక్షకుల పేరు కూడా రాయించాను.

సంతకాలకు ముందు ఇద్దరిని లేపి, నేను చెప్పింది పక్కవాళ్లకు చెప్పమన్నాను. ఒకావిడ అంతా సరిగ్గా చెప్పి, చివర్లో "అరవై దాటాక పింఛను వస్తుంది" అని కలిపేసింది. అది అటల్ పెన్షన్ యోజన. అదే పీపీటీలో మధ్యలో ఆ స్లైడు కూడా ఉంది, గోడ మీద అది కనిపించేటప్పటికి చూసేసింది. అందులో కట్టింది పింఛనుగా వస్తుంది, చేరాలంటే 40 ఏళ్లలోపు ఉండాలి, నెల కిస్తీ చేరిన వయసును బట్టి మారుతుంది. డబ్బు తిరిగిరాని పథకాన్నీ, తిరిగొచ్చే పథకాన్నీ ఒకే పూట చెబితే రెండూ కలగాపులగం అయిపోతాయి. అందుకని ఆ స్లైడ్లు వేరే ఫైలు చేసుకున్నాను. పింఛను గురించి వేరే రోజు, నలభై లోపు వాళ్లను కూర్చోబెట్టి చెబుతున్నాను.