కుట్టు చివర ఒక్క వేలితో చూపించగల నొప్పి

మా బాబుకి అయిదో నెల నడుస్తుండగా మొదలైంది. పెద్దాపరేషన్ అయిన కొత్తలో ఉండే నొప్పి కాదిది. ఆ నొప్పి రెండు నెలల్లోనే పోయింది. కుట్టు చక్కగా మానింది, చీము పట్టలేదు, ఎర్రబడలేదు. ఒకరోజు పొద్దున్న వాణ్ని ఊయల్లోంచి ఎత్తుకుని నిటారుగా లేవబోయేసరికి కుట్టుకు ఎడమ చివర సూది దిగినట్టు చురుక్కుమంది. ఆ చురుకు గజ్జలోకి, అక్కడి నుంచి తొడ లోపలి వైపుకి పాకింది. ముందుకు వంగి మంచం పట్టుకుంటే తగ్గింది.

అప్పటి నుంచి రోజూ వచ్చేది. గోపాలపట్నంలో మా ఇంటి దగ్గర ఆటో ఎక్కితే ఎన్‌ఏడీ జంక్షన్ దాటేలోపు ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా చెయ్యి కుట్టు మీదకి పోయేది. నేను స్కూల్లో లెక్కలు చెప్తాను. మళ్ళీ డ్యూటీలో చేరాక బోర్డు పై వరుసలో రాయడానికి చెయ్యి పైకి చాస్తే చాలు, మంట. పిల్లలకి తెలియకుండా సగం బోర్డే వాడడం అలవాటు చేసుకున్నాను.

ఇంట్లో ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. బాలింతప్పుడు బరువులెత్తానని మా అత్తయ్య బాధపడింది. నడుములో ఇచ్చిన మత్తు సూది వల్లే అని మా అమ్మ గట్టిగా నమ్మింది. కాన్పు అయిన ఆసుపత్రికే వెళ్ళాం. స్కానింగ్ చేశారు, మూత్రం పరీక్ష చేశారు, రెండూ బాగున్నాయి. "లోపల పేగులు అతుక్కుని ఉంటాయమ్మా, ఆపరేషన్ అయినవాళ్ళకి మామూలే. మాత్రలు వాడు, తగ్గకపోతే లాప్రోస్కోపీ చేసి విడదీద్దాం" అన్నారు. మూడు నెలలు మాత్రలు మింగాను. వేసుకున్న గంట సేపు కాస్త మొద్దుబారినట్టుండేది, అంతే. అన్నిసార్లు వెళ్ళినా ఎవరూ కుట్టు మీద వేలు పెట్టి చూడలేదు. ఈ మాట ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పెందుర్తిలో ఉండే మా వదినకి రెండేళ్ళ కిందట ఇలాంటిదే వచ్చింది. ఆవిడకి నెలసరి వచ్చిన ప్రతిసారీ కుట్టు మూలన నిమ్మకాయంత గడ్డ ఉబ్బి నొప్పెట్టేది. ఆపరేషన్ సమయంలో గర్భసంచి లోపలి పొర కణాలు కొన్ని కోతలో చిక్కుకుని అక్కడే పెరిగాయట. ఎండోమెట్రియోసిస్ అన్నారు. గడ్డని చుట్టూ కొంచెం మంచి కండతో సహా తీసేశాక ఆవిడకి నెమ్మదించింది. "నా గడ్డ పట్టుకున్న సర్జన్ గారి దగ్గరికే పద" అని మహారాణిపేటలో ఆ సర్జన్ గారి క్లినిక్‌కి నన్ను తీసుకెళ్ళింది. వెళ్ళేముందు ఒక పని చెయ్యమంది: రెండు వారాలు నొప్పి ఎప్పుడొచ్చిందో, అప్పుడు ఏం చేస్తున్నానో, నెలసరి ఎప్పుడో నోట్‌బుక్‌లో రాసుకోమంది. అలాగే రాశాను.

సర్జన్ మేడమ్ స్కానింగ్ ఫైలు పక్కన పెట్టి ముందు ఆ నోట్‌బుక్ చదివారు. అన్నం తిన్నాక నొప్పి లేదు. విరేచనానికీ మూత్రానికీ సంబంధం లేదు. నెలసరి వచ్చిన అయిదు రోజుల్లో ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఎత్తడం, నిటారుగా నిలబడడం, నడుము తిప్పడం, పైకి చాచడం. అన్నీ కదలికలే.

తర్వాత బల్ల మీద పడుకోబెట్టి, "నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమ్మా" అన్నారు. నేను తడుముకోకుండా కుట్టు ఎడమ చివర నుంచి అంగుళం లోపలికి వేలు పెట్టాను. పేగు నొప్పి అయితే ఎక్కువ మంది అరచేత్తో పొట్టంతా రాసి చూపిస్తారట, చోటు అంత కచ్చితంగా చెప్పలేరట.

స్పిరిట్‌లో తడిపిన దూది కుడివైపు రాశారు, చల్లగా తగిలింది. ఎడమవైపు కుట్టు కింద రాస్తే అరచేతిలో సగమంత మేర చల్లదనమే తెలియలేదు. అక్కడ తిమ్మిరి ఉందని అప్పటిదాకా నేనే గమనించలేదు. విచిత్రం ఏమిటంటే ఆ తిమ్మిరి అంచున చర్మాన్ని రెండు వేళ్ళతో మెల్లగా పట్టుకుంటే ప్రాణం పోయినంత పనైంది.

ఆ తర్వాత చేసిన పరీక్షకి అర నిమిషం కూడా పట్టలేదు. నేను చూపించిన చోట వేలితో నొక్కి పట్టుకున్నారు. నొప్పిగా ఉంది. వేలు తీయకుండానే, "చేతులు గుండెల మీద కట్టుకుని, తలా భుజాలూ బల్ల మీంచి పైకి లేపు" అన్నారు. లేపగానే నొప్పి రెట్టింపై కేక వేశాను. దీన్ని కార్నెట్ పరీక్ష అంటారని, 1926 నుంచీ ఉన్నదేనని చెప్పారు. మామూలుగా పడుకున్నప్పుడు వేలితో నొక్కితే పొట్ట గోడా, లోపలి పేగులూ రెండూ నలుగుతాయి. తల లేపితే పొట్ట కండ చెక్కలా బిగుసుకుని లోపలివాటికి అడ్డుగా నిలబడుతుంది. నొప్పి లోపలిదైతే అప్పుడు తగ్గాలి. తగ్గకపోయినా, పెరిగినా నొప్పి గోడలోనే ఉందని లెక్క.

అయితే ఆ ఒక్క పరీక్షతో ఆవిడ తేల్చెయ్యలేదు. కుట్టు దగ్గర హెర్నియా ఉన్నా, మా వదిన లాంటి గడ్డ ఉన్నా ఈ పరీక్ష ఇలాగే వస్తుంది. అందుకే నన్ను నిలబెట్టి గట్టిగా దగ్గమన్నారు, చేతికి ఏదైనా ఉబ్బు తగులుతుందేమో చూశారు. అంతకు ముందు చేసిన స్కానింగ్ గర్భసంచినీ అండాశయాలనీ చూసింది గానీ పొట్ట గోడని చూడలేదు. పైపైన ఉండే కండని చూసే ప్రోబ్‌తో కుట్టు పొడవునా మళ్ళీ చేయించారు, దగ్గిస్తూ కూడా చూశారు. చిల్లు లేదు, గడ్డ లేదు.

"నీది నరం పట్టేసిన నొప్పి" అన్నారు. కాగితం మీద గీసి చూపించారు. తుంటి ఎముక ముందు మొనకి దగ్గర నుంచి ఇలియోహైపోగాస్ట్రిక్, ఇలియోఇంగ్వినల్ అని రెండు సన్నని నరాలు పొట్ట కండల పొరల మధ్య నుంచి గజ్జ వైపుకి వస్తాయి. సిజేరియన్‌కి బికినీ లైన్‌లో పెట్టే అడ్డకోత రెండు చివరలూ వాటి దారికి దగ్గరలో ఉంటాయి. కోతని పక్కలకి ఎక్కువ సాగదీసినా, మూలన కుట్టు వేసినా నరం నలగొచ్చు, దారంలో చిక్కొచ్చు. మరి అయిదు నెలలు ఎందుకు ఊరుకుంది అని అడిగాను. దారంలో చిక్కిన నరం మొదటి రోజుల నుంచే బాధిస్తుందట. లోపలి మచ్చ గట్టిపడి ముడుచుకుంటూ నరాన్ని బిగిస్తే నెలలు గడిచాక తెలుస్తుందట. గర్భసంచి తీయించుకున్నవాళ్ళకి కూడా అదే అడ్డకోత పెడితే ఇదే జరగొచ్చన్నారు.

"మరి అతుకులు లేవా మేడమ్?" అన్నాను. మూడు నెలలు ఆ మాటతోనే బతికాను మరి. "ఉండొచ్చమ్మా. పొట్ట కోసిన చాలామందికి ఉంటాయి, చాలామందికి అవి ఏ నొప్పీ పెట్టవు. మామూలు స్కానింగ్‌లో సాధారణంగా కనిపించవు కూడా. కనిపించనిదాని మీద నొప్పి నెట్టడం తేలిక" అన్నారు. అతుకులు విడదీస్తే మళ్ళీ కొత్తవి పుట్టొచ్చు, విడదీసేటప్పుడు పేగుకి చిల్లు పడే ప్రమాదమూ ఉంది. నెదర్లాండ్స్‌లో దీర్ఘకాలం పొట్ట నొప్పి ఉన్న 100 మందిని తీసుకుని, కొందరికి లాప్రోస్కోపీతో అతుకులు విడదీసి, కొందరికి కేవలం కెమెరాతో చూసి వదిలేశారట. 2003లో ఫలితాలు వచ్చాయి. ఏడాది తర్వాత రెండు గుంపులకీ నొప్పి దాదాపు ఒకేలా తగ్గింది.

అలాగని అతుకుల్ని తేలిగ్గా తీసుకోవద్దని కూడా చెప్పారు. పొట్ట ఉబ్బి, మెలితిప్పే నొప్పి విడతలు విడతలుగా వస్తూ, వాంతులై, గ్యాస్ గానీ విరేచనం గానీ పోకపోతే అది పేగు మడతపడిన లక్షణం. అప్పుడు ఏ క్లినిక్‌కీ కాకుండా నేరుగా క్యాజువాల్టీకి వెళ్ళమన్నారు, అర్ధరాత్రి అయినా సరే.

నరమే అని రుజువు చేసేది ఇంజెక్షన్. నొప్పులకి చూసే మత్తు డాక్టర్ గారి దగ్గరికి పంపారు. ఆయన స్కానింగ్‌లో చూస్తూ కండ పొరల మధ్యకి సూది పంపి, లిగ్నొకెయిన్ మూడు ఎం.ఎల్. మాత్రమే ఇచ్చారు. బాబుకి పాలు మాననక్కర్లేదన్నారు. మందు పక్కకి జారితే కాలు కొన్ని గంటలు బలహీనపడొచ్చని, గంటసేపు ఒంటరిగా నడవనివ్వలేదు. పది నిమిషాలకి లేపి నిలబెట్టి, "ఇంట్లో నొప్పి తెప్పించే పనులన్నీ ఇక్కడ చెయ్యమ్మా" అన్నారు. చెయ్యి పైకి చాచాను. నడుము తిప్పాను. మా ఆయన చేతిలోంచి బాబుని ఎత్తుకున్నాను. నొప్పి లేదు. గోడ వైపు తిరిగి ఏడ్చేశాను. అన్నాళ్ళూ నేను చెప్పింది నిజమేనని మొదటిసారి తెలిసింది.

సాయంత్రానికి నొప్పి తిరిగి వచ్చింది. టెన్షన్ పడి ఫోన్ చేస్తే, "మత్తు దిగితే రావాల్సిందేనమ్మా. మనకి కావాల్సిన జవాబు దొరికింది" అన్నారు. వారం తర్వాత అదే చోట స్టెరాయిడ్ కలిపి ఇచ్చారు. అయిదు వారాలు హాయిగా గడిచింది, మెల్లగా మళ్ళీ మొదలైంది. రెండోసారి ఇచ్చాక మునుపటి స్థాయికి ఎప్పుడూ రాలేదు. పదికి ఏడు వేసుకునే నొప్పి ఒకటికో రెండుకో వచ్చింది. అందరికీ ఇంజెక్షన్లతోనే సరిపోదట. ప్రతిసారీ పూర్తిగా తగ్గి మళ్ళీ వచ్చేస్తుంటే ఆ నరం ముక్కనే కత్తిరించి తీసేస్తారు, దాని బదులు తిమ్మిరి శాశ్వతంగా ఉండిపోతుంది. నాకు అంతదాకా రాలేదు.

బాబుకి ఏడాదిన్నర దాటింది. బోర్డు పై వరుస నుంచే రాస్తున్నాను. వర్షాకాలంలో తడి బట్టల బకెట్ ఎత్తితే మాత్రం ఇంకా ఒక్కోసారి చురుక్కుమంటుంది. స్నానం చేసి పౌడర్ రాసుకుంటుంటే కుట్టు కింద ఆ కాస్త చోట చెయ్యి తగిలినట్టే ఉండదు. రెండో కాన్పు సిజేరియన్ అయితే ఆపరేషన్ చేసేవాళ్ళకి ముందే చూపించమని, ఎడమ మూలన నరం సంగతి సర్జన్ మేడమ్ నా ఫైలు మొదటి పేజీలో రాసిచ్చారు.