లక్ష దాటిన రోజున కృతజ్ఞత చెప్పే వీడియో: నా అనుభవం

హనుమకొండలో మా ఇంటి డాబా మీద పెంచే కూరగాయల గురించి నేను నడిపే యూట్యూబ్ ఛానల్‌కు లక్ష మంది సబ్‌స్క్రైబర్లు చేరినప్పుడు, వారికి కృతజ్ఞత చెప్పే వీడియో చేయవలసి వచ్చింది. ఇలాంటి వీడియోలు చాలామంది చేస్తారు. కేకు కోస్తారు, లక్ష మంది చేరినందుకు యూట్యూబ్ ఇచ్చే వెండి బటన్ పెట్టె విప్పుతారు, "మీరు లేకపోతే నేను లేను" అంటారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు గానీ, ఎవరు ఏం చేసినందుకు ధన్యవాదాలో అందులో తెలియదు. మా ఛానల్‌లో సగం విద్య వ్యాఖ్యల్లోనే ఉంది కనుక, అక్కడ ఒకరి తోట ఇంకొకరి మాటతో ఎలా బాగుపడిందో చూపించడమే కృతజ్ఞత అనుకున్నాను.

వెండి బటన్ కోసం ఆగలేదు. లక్ష దాటగానే అది ఇంటికి రాదు. యూట్యూబ్ వారు ఛానల్‌ను పరిశీలించి, అర్హత ఉందనుకుంటే, ఛానల్ నడిపేవారు లోపలి లెక్కలు చూసుకునే యూట్యూబ్ స్టూడియోలో ఒక కోడ్ ఇస్తారు, దానితో మనమే ఆర్డర్ పెట్టుకోవాలి. సంఖ్య విషయంలో మాత్రం కొంచెం ఓపిక పట్టాను. ఛానల్ పేజీలో మొదటి మూడు అంకెలే కనిపిస్తాయి కనుక 99,999 వరకు 99.9 వేలే చూపిస్తుంది. అసలు లెక్క స్టూడియోలో ఉంటుంది. మూతపడిన ఖాతాలనూ నకిలీ ఖాతాలనూ యూట్యూబ్ తీసివేసినప్పుడల్లా ఆ లెక్క కిందికి దిగుతుంది. అందువల్ల లక్ష మీద కొంత నిలదొక్కుకున్నాకనే వీడియో పెట్టాలని నిశ్చయించుకున్నాను.

అసలు పని వ్యాఖ్యలు వెతకడంలో ఉంది. స్టూడియోలో వ్యాఖ్యల విభాగంలో వెతికే సదుపాయం ఉన్నప్పటికీ, మనవాళ్లు ఒకే కాయను రకరకాలుగా రాస్తారు. సొరకాయ అని తెలుగులో రాసేవారు కొందరు, sorakaya అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవారు ఇంకొందరు, కోస్తా జిల్లాల వారైతే ఆనపకాయ, anapakaya. అన్ని రూపాలతోనూ వెతికితే గానీ ఒక సంభాషణ పూర్తిగా బయటపడలేదు. పొగడ్తలను పక్కన పెట్టి, ఒకరు అడిగిన ప్రశ్నకు నేను కాక మరో ప్రేక్షకుడు జవాబిచ్చిన చోట్లను మాత్రమే ఏరుకున్నాను.

వాటిలో ఒకటి వీడియోకు వెన్నెముక అయింది. విజయవాడలో నాలుగో అంతస్తు మీద తోట పెంచే ఒకావిడ, "అక్కా, సొర పిందెలు వేలెడంత పెరిగి పసుపురంగుకు తిరిగి రాలిపోతున్నాయి, ఎరువు ఏం వేయమంటారు?" అని అడిగారు. నేను చూసేలోపే అనంతపురం నుంచి ఇంకొకావిడ స్పందించి, ముందు ఎరువు సంగతి కాదు, సాయంత్రం డాబా మీదికి వెళ్లి పువ్వులు చూడండి అన్నారు. సొర పువ్వు సాయంత్రం విచ్చుకుని మర్నాటి ఉదయానికి వాడిపోతుంది. పగలు తిరిగే తేనెటీగలు దానికి అందిరావు. రాత్రి తిరిగే రెక్కల పురుగులు ఆ పని చేయాలి, అంత ఎత్తున అవి తక్కువగా వస్తాయి. కాబట్టి సన్నని కాడ మీద నిలిచే మగ పువ్వును తెంపి, రేకులు తీసివేసి, లోపలి పుప్పొడిని అడుగున చిన్న పిందె ఉన్న ఆడ పువ్వు మధ్యభాగానికి మెల్లగా అద్దాలని ఆవిడ వివరంగా రాశారు. కొన్నాళ్లకు విజయవాడ ఆవిడ అదే వ్యాఖ్యల వరుసలో, కాయ నిలిచిందని రాశారు. ఆ తరువాత డాలస్‌లో పెరట్లో సొర వేసుకునే ఒక తెలుగువారు కూడా ఈ పద్ధతి తమకు పని చేసిందని దాని కిందనే జోడించారు.

ఈ ముగ్గురి అనుమతి తీసుకోవడానికి నేననుకున్నదాని కన్నా ఎక్కువ సమయం పట్టింది. వ్యాఖ్య బహిరంగంగానే ఉంది కదా, చూపిస్తే తప్పేమిటని ఒక మిత్రుడు అన్నారు. వ్యాఖ్యల వరుసలో ఎక్కడో ఉన్న పేరు వేరు, వీడియోలో పెద్దదిగా కనిపించే పేరూ ఫొటో వేరు. ఫోన్ నంబరు బహిరంగంగా అడగడం మంచిది కాదు కనుక, ప్రతి వ్యాఖ్య కింద ఛానల్ ఈమెయిల్‌కు రాయమని కోరాను. పాత వ్యాఖ్యలకు జవాబు వచ్చిందన్న సూచనను చాలామంది గమనించరు. అందుకని కొత్త వీడియో చివర్లో ఒక మాట చెప్పవలసి వచ్చింది. విజయవాడ ఆవిడ తన పేరు వద్దు, ఊరు చెప్తే చాలన్నారు. అందరినీ ఒకేలా చూడాలని అందరికీ ఊరి పేర్లే వాడి, స్క్రీన్‌షాట్లకు బదులు వారి మాటలను వారు రాసినట్లే పెద్ద అక్షరాలతో మళ్లీ టైపు చేసి చూపించాను. స్క్రీన్‌షాట్‌లోని అక్షరాలు ఫోన్‌లో చూసేవారికి ఎలాగూ ఆనవు.

అనంతపురం ఆవిడను తన గొంతుతోనే చెప్పమని అడిగాను. ఫ్యాన్ ఆపి, తలుపు వేసుకుని, ఫోన్‌లోని రికార్డర్‌తో చెప్పి, ఆ ఫైలును ఈమెయిల్‌లో పంపమన్నాను. ఫ్యాన్ హోరును తరువాత తీసివేయబోతే మాట కూడా పలచబడుతుంది. ఆవిడ పంపిన దాంట్లో ఫ్యాన్ లేదు గానీ మధ్యలో కుక్కర్ విజిల్ వేసింది, "ఒక్క నిమిషం అక్కా" అని ఆవిడ ఆగి మళ్లీ మొదలుపెట్టారు. దాన్ని కోయలేదు. ఆవిడ మాట నడుస్తుండగా మా డాబా మీద సాయంత్రం ఆరు దాటాక విచ్చుకున్న తెల్లని సొర పువ్వులను దగ్గరగా చూపించాను. నా ముఖం మొదట్లో కాసేపు, చివర్లో కాసేపు కనిపిస్తుంది, అంతే.

సహాయపడిన వారందరి పేర్లూ చదవాలన్న కోరిక ఉండేది. జాబితా మొదలవగానే చూసేవారు వెళ్లిపోతారని పాత వీడియోల గ్రాఫులు చెబుతున్నాయి. పైగా ఒక పేరు తప్పిపోతే ఆ నొప్పి మిగిలిపోతుంది. అందుకే జాబితా మానేసి ఆ ఒక్క కథనే పూర్తిగా చెప్పాను. లక్కీ డ్రా పెట్టి విత్తనాలు ఇమ్మని కూడా కొందరు సలహా ఇచ్చారు. యూట్యూబ్ నియమాల ప్రకారం పోటీ పెట్టి దానికి బదులుగా సబ్‌స్క్రిప్షన్లూ లైకులూ రాబట్టకూడదు. అదీగాక, చిరునామాలు సేకరించి దాచే బాధ్యత నాకు వద్దనిపించింది.

డ్రా పెట్టకపోయినా దాని పేరుతో మోసం మాత్రం వచ్చింది. వీడియో వెలువడిన కొద్దిసేపటికే మా ఛానల్ బొమ్మతో, ఒక అక్షరం మాత్రమే తేడా ఉన్న పేరుతో ఎవరో, వ్యాఖ్య పెట్టిన ప్రతివారికీ "మీరు బహుమతి గెలిచారు, టెలిగ్రామ్‌లో సంప్రదించండి" అని జవాబులు రాయసాగారు. ఏదైనా మైలురాయి వీడియో పెట్టేవారు దీన్ని ముందే ఊహించుకోవాలి. నేను సెట్టింగులలో లింకులున్న వ్యాఖ్యలను ఆపి ఉంచమని ముందుగానే పెట్టాను. కానీ వీళ్లు లింకు ఇవ్వకుండా పేరు మాత్రమే రాస్తారు కనుక, నిరోధించే పదాల జాబితాలో టెలిగ్రామ్ అన్న మాటను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చేర్చాను. ఛానల్ యజమాని రాసిన వ్యాఖ్యలో పేరు వెనుక రంగు పట్టీ ఉంటుందని, అది లేనిది నాది కాదని, నేను బహుమతులేవీ ఇవ్వడం లేదని రాసి, ఆ వ్యాఖ్యను అన్నిటికన్నా పైన పిన్ చేశాను. ఆ నకిలీ ఖాతా గురించి యూట్యూబ్‌కు ఫిర్యాదు కూడా చేశాను.

ఈ వీడియో కింద అభినందనలకు సమానంగా తోట ప్రశ్నలే వచ్చాయి. బీరకూ ఇదే పద్ధతా అని ఒకరు అడిగితే, బీర కూడా సాయంత్రమే పూస్తుందని, నేతిబీర, కాకర, గుమ్మడి మాత్రం ఉదయాన్నే చూసుకోవాలని అనంతపురం ఆవిడే నాకంటే ముందు రాసి ఉంచారు.