ఒకే వేరుకు రెండు పేర్లు

పర్లాకిమిడిలో మాది తెలుగు ఇల్లే అయినా వంటింటి డబ్బాల్లో సగం ఒడియా పేర్లతోనే ఉంటాయి. వీధి చివరి దుకాణంలో ఏ పేరు చెబితే సరుకు త్వరగా దొరుకుతుందో ఆ పేరే మా నోట్లో నిలిచిపోయింది. ఈ అలవాటు నన్ను ఆసుపత్రి దాకా తీసుకువెళ్లింది. ఆ సంగతే రాస్తున్నాను.

మొన్న మార్గశిరంలో నాకు మామూలు జలుబు చేసింది. ముక్కు కారడం, గొంతు నొప్పి, రెండు రోజులు ఒళ్లు వెచ్చబడడం, అంతే. పసుపు పాలు తాగాను, ఉదయం రెండు పచ్చి వెల్లుల్లి రెబ్బలు నమిలాను, సాయంత్రం కషాయం పెట్టుకున్నాను. కషాయంలో తులసి, మిరియాలు, శొంఠి, దాల్చిన చెక్క, వాటితోపాటు దంచిన అతిమధురం. వారానికి జలుబు తగ్గింది కానీ పొడి దగ్గు మిగిలింది. అతిమధురం తియ్యదనం గొంతుకు హాయిగా ఉండేది. అందుకని దాన్ని రెట్టింపు చేసి, కషాయం రెండు పూటలా తాగడం మొదలుపెట్టాను. ఎదురింటి ఒడియా మౌసీ దగ్గుకు మంచిదని ఒక పొడి ఇచ్చారు. అది కూడా రోజుకు రెండు చెంచాలు వేడి నీళ్లలో కలుపుకునేదాన్ని.

మూడో వారం దాటాక మేడ మెట్లు ఎక్కుతుంటే తొడలు నా మాట వినలేదు. రాత్రిళ్లు పిక్కలు పట్టేసేవి. సాయంత్రానికి చీలమండల దగ్గర వేలితో నొక్కితే గుంట పడేది. తలనొప్పి వదలలేదు. నాకు ఆరేళ్లుగా బీపీ ఉంది. మాత్రతో 130/80 దగ్గర నిలిచేది. దగ్గరలోని క్లినిక్‌లో చూపిస్తే 176/102 ఉంది. నేను వేసుకునే మాత్రలో హైడ్రోక్లోరోథయాజైడ్ ఉంది, అంటే మూత్రం ద్వారా ఉప్పును, నీటిని బయటకు పంపే మందు. అక్కడ దాని మోతాదు పెంచారు. నాలుగు రోజుల్లో బీపీ కాస్త తగ్గింది కానీ కాళ్లు ఇంకా బలహీనపడ్డాయి. స్నానాల గది పీట మీద నుంచి లేవలేక మా ఆయనను పిలిచాను. గుండె మధ్యమధ్యలో ఒక దెబ్బ తప్పినట్టు అనిపించేది.

ఆ రాత్రే శ్రీకాకుళం తీసుకువెళ్లారు. రక్త పరీక్షలో పొటాషియం 2.5 వచ్చింది. ఉండవలసింది 3.5 నుంచి 5 మధ్య. ఈసీజీలో కూడా దాని గుర్తులు కనిపించాయి. వెంటనే చేర్చుకుని, గుండె కొట్టుకునే తీరును తెర మీద చూస్తూ, డ్రిప్పులో పొటాషియం నెమ్మదిగా ఎక్కించారు.

మరునాడు డాక్టరు గారు మంచం పక్కన కూర్చుని, “ఏ మందులు వాడుతున్నారమ్మా?” అని అడిగారు. బీపీ మాత్ర ఒక్కటే అన్నాను. అబద్ధం చెప్పలేదు, నా దృష్టిలో కషాయం మందు కాదు. ఆవిడ అక్కడితో వదలలేదు. “మందులు కాకుండా ఇంట్లో రోజూ ఏమేమి తాగుతారు? ఒక్కొక్కటి చెప్పండి” అన్నారు. కషాయం అనగానే ఏమేమి వేస్తారని అడిగారు. అతిమధురం పేరు విని, దగ్గు పొడి పొట్లం తెప్పించమన్నారు. మా ఆయన తెచ్చిన పొట్లం మీద ఒడియాలో ‘యష్టిమధు’ అని ఉంది. చిన్నప్పటి నుంచి ఆ లిపి చదువుతున్నదాన్నే. అయినా అది అతిమధురానికే ఇంకో పేరని నాకు తోచలేదు. హిందీలో ములేఠీ అన్నా అదే వేరు. నేను ఒకే వేరును రెండు పేర్లతో రోజంతా తాగాను.

అది చేసే పని డాక్టరు గారు ఇలా వివరించారు. శరీరంలో కార్టిసాల్ అనే హార్మోన్ ఎప్పుడూ ఉంటుంది. అది మూత్రపిండాల్లో ఉప్పును పట్టి ఉంచే మీట నొక్కకుండా ఒక ఎంజైమ్ కాపలా కాస్తుంది. అతిమధురంలోని గ్లైసిరైజిన్ ఆ కాపలాను అడ్డుకుంటుంది. అప్పుడు ఉప్పు, నీరు ఒంట్లో నిలిచిపోతాయి. బీపీ, వాపు పెరుగుతాయి. పొటాషియం మూత్రంలో పోతుంది. నా బీపీ మాత్ర కూడా పొటాషియాన్ని బయటకు పంపేదే. దాని మోతాదు పెంచడంతో నష్టం రెట్టింపైంది. మూత్రంలో పొటాషియం ఎక్కువగా పోతూ, మామూలుగా ఒంట్లో ఉప్పును నిలిపే రెనిన్, ఆల్డోస్టెరాన్ అనే రెండు పదార్థాలూ రక్తంలో తక్కువగా ఉండడంతో ఆవిడ అనుమానం బలపడింది.

ఇంటికి వచ్చాక మా ఆయన వంటింటి త్రాసులో తూచి చూశారు. రోజూ కషాయానికి వాడిన వేరు 10 గ్రాములు, పొడి 5 గ్రాములు. గ్లైసిరైజిన్ ఎంత ఉంటుందన్నది వేరును బట్టి మారుతుంది. నూటికి మూడు వంతులే అనుకుని, కషాయంలోకి సగమే దిగిందనుకున్నా, రోజుకు సుమారు 300 మిల్లీగ్రాములు నా కడుపులోకి వెళ్లింది. రోజూ తీసుకునేవారు 100 మిల్లీగ్రాములు దాటకూడదని యూరప్ నిపుణుల సలహా. నేను 26 రోజులు తాగాను. బీపీ, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారికి, గర్భిణులకు ఆ 100 మిల్లీగ్రాములు కూడా క్షేమం కాదని డాక్టరు గారు గట్టిగా చెప్పారు.

మిగిలినవాటి గురించీ అడిగాను. పసుపు పాలు వెచ్చగా గొంతుకు హాయినిస్తాయి కానీ జలుబును తగ్గిస్తాయనడానికి నమ్మదగిన పరీక్షలు లేవన్నారు. పసుపులోని ముఖ్య పదార్థమైన కుర్కుమిన్ నూటికి మూడు పాళ్ల ప్రాంతంలో ఉంటుంది. అందులోనూ రక్తంలోకి చేరేది కొంచెమే. వంటలో పసుపుతో భయం లేదు. మిరియాల సారం కలిపి గాఢంగా చేసిన పసుపు మాత్రలతో మాత్రం కొందరికి కాలేయం దెబ్బతిన్నది. వెల్లుల్లి మీద 146 మందితో చేసిన ఒక పరీక్ష ఉంది. పన్నెండు వారాలలో వెల్లుల్లి మాత్ర వేసుకున్నవారికి 24 జలుబులు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికి 65 వచ్చాయి. ఆశ కలిగించే లెక్కే కానీ ఒక్క పరీక్షతో తేల్చలేము. పైగా అది జలుబు రాకుండా ముందు నుంచి వాడినవారి లెక్క, వచ్చాక నమిలినవారిది కాదు. మేలు చేసే బాక్టీరియాలుండే ప్రోబయాటిక్‌ల విషయం కూడా దాదాపు అంతే. ముందు నుంచి వాడితే జలుబులు కొంత తగ్గవచ్చునని పరీక్షలు సూచిస్తున్నాయి, ఆధారం ఇంకా బలహీనం. అవి కొలిచి ఇచ్చిన ప్రత్యేక బాక్టీరియాలతో చేసిన పరీక్షలు కనుక మన ఇంటి పెరుగుకు ఆ లెక్క అంటగట్టలేము. అలాగని జలుబులో పెరుగు మానవలసిన పనీ లేదని తెలిసి నాకు ఊరట కలిగింది.

మా ఆయన గుండెకు ఆస్పిరిన్ వేసుకుంటారు. నాతోపాటు ఆయన కూడా పచ్చి వెల్లుల్లి తింటున్నారని తెలిసి, డాక్టరు గారు రక్తస్రావం పెరిగే అవకాశం ఉందని, పన్ను తీయించుకునే ముందైనా డాక్టరుకు చెప్పి తీరాలని హెచ్చరించారు.

అయిదో రోజు ఇంటికి పంపారు. బీపీ మాత్ర మార్చారు, పొటాషియం ద్రావణం రెండు వారాలు ఇచ్చారు. వేరు మానినా దాని ప్రభావం రెండు వారాలో అంతకంటే ఎక్కువో ఉంటుందని ముందే చెప్పారు. అలాగే జరిగింది. పదో రోజుకు మెట్లెక్కగలిగాను. మూడు వారాలకు ద్రావణం లేకుండానే పొటాషియం 4.1, బీపీ 132/82. మౌసీకి విషయం చెబితే కళ్లనీళ్లు పెట్టుకున్నారు. తప్పు ఆవిడది కాదు. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని రెండు ఇళ్ల డబ్బాల మీదా రెండు లిపుల్లో పేర్లు రాసి అంటించాము.

వానాకాలంలో మళ్లీ జలుబు చేసింది. అల్లం, తులసి వేసిన పలుచని కషాయం రోజుకు ఒక చిన్న గ్లాసు, వేడి నీళ్లు, రాత్రి ఉప్పునీటితో పుక్కిలింత. అంతకుమించి ఏమీ వాడలేదు. దగ్గు పదహారు రోజులు ఉండి పోయింది.