‘గై’ దగ్గర సున్నా

శుక్రవారం. మూడున్నరకు వారపు సమీక్ష కోసం నోటుపుస్తకం తెరిచాను. ఈ త్రైమాసికంలో ఇది ఐదో వారం. ఉన్నవి మొత్తం పదమూడు.

మొదటి పేజీలో మూడే ప్రాధాన్యాలు రాసుకున్నాను. నెలవారీ రిపోర్టు తయారీ మూడు రోజుల నుంచి ఒక రోజుకు తగ్గాలి. పాత ఫైళ్లన్నీ ఒకేచోటికి చేరాలి. కొత్తగా చేరేవాళ్ల కోసం ఎనిమిది అధ్యాయాల గైడు పూర్తి కావాలి. మొదట్లో ఈ మూడోదాన్ని ‘శిక్షణ మెరుగుపరచాలి’ అని రాసి, ఏ పని చేసినా దాని కిందే లెక్కేసుకున్నాను. ఎవరికో మెయిల్ పంపినా శిక్షణే, సమావేశంలో కూర్చున్నా శిక్షణే! ‘ఎనిమిది అధ్యాయాలు’ అని కొట్టివేసి రాశాక ఆ వెసులుబాటు పోయింది.

సమీక్షలో చేసేది పెద్ద విషయమేమీ కాదు. వారంలో పూర్తయిన పనుల పక్కన పెన్సిలుతో రి, ఫై, గై అని గుర్తు పెడతాను. దేనికీ చెందకపోతే ఖాళీగా వదిలేస్తాను. అనుమానం వస్తే ఒకటే ప్రశ్న: ఈ పని చేయకపోయి ఉంటే మొదటి పేజీలోని అంకె ఏదైనా మారేదా? మారదంటే ఖాళీయే.

ఈ వారం ఇరవై ఏడు పనులు పూర్తయ్యాయి. సోమవారం నుంచి తల ఎత్తలేదు కాబట్టి గర్వంగానే లెక్క మొదలుపెట్టాను. రి ఏడు, ఫై మూడు, ఖాళీ పదిహేడు. గై దగ్గర సున్నా.

ఖాళీలు ఉండటం తప్పు కాదు. జీతాల పట్టిక సరిచూడటం ఏ ప్రాధాన్యం కిందికీ రాదు, అయినా చేసి తీరాలి. కానీ ఆ పదిహేడింటినీ మళ్లీ చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. వాటిలో ఆరు, కొత్తగా చేరినవాళ్ల సందేహాలకు నేను రాసిన జవాబులు. సెలవు ఎక్కడ నమోదు చేయాలి, ఫలానా ఫారం ఎవరి సంతకానికి పంపాలి, ఇలాంటివే. అంటే గైడు లేకపోవడం వల్ల పుట్టిన పనులు చేస్తూ, గైడు రాయడానికి తీరిక లేదనుకుంటున్నాను. నవ్వొచ్చింది, కాస్త ఒళ్లు కూడా మండింది.

ఆ ఆరింటికీ ‘గై’ పెట్టేద్దామని చేయి లాగింది. పెట్టలేదు. జవాబు మెయిల్‌లోనే ఉండిపోతే అధ్యాయం ఒక్క వాక్యమైనా పెరగదు. వాటిని తీసి గైడు ఫైల్లో అతికించాను. అందుకు పది నిమిషాలు పట్టింది. అప్పుడు మాత్రం ఒక ‘గై’ రాసుకున్నాను, ఆరు కాదు.

తర్వాత జాబితాలో మిగిలిపోయినవి చూశాను. ‘గైడు రాయాలి’ అన్న మాట మూడు వారాలుగా ఒక పేజీ నుంచి మరో పేజీకి నడిచి వస్తోంది. మూడుసార్లు వాయిదా పడిందంటే బద్ధకం సంగతి తర్వాత, ముందు ఆ వాక్యాన్నే అనుమానించాలి. ఉదయం పూట ఆ మాట చూస్తే ఏ ఫైలు తెరవాలో తెలియదు. దాన్ని కొట్టేసి, ‘రెండో అధ్యాయం: సెలవుల నమోదు, అతికించిన జవాబులను వరుసలో పెట్టడం’ అని రాశాను.

ఇక అంకెలు. రెండో వారంలో రాసిన ఒక్క అధ్యాయానికి రెండున్నర గంటలు పట్టింది. మిగిలిన వారాలు ఎనిమిది. ఒకటి నా సెలవుకు, చివరిది దిద్దుబాట్లకు పోతుంది. మరొకటి ఏదో ఒకటి వచ్చి మింగేస్తుంది, ఇంతవరకు అలా జరగని త్రైమాసికం నేను చూడలేదు. ఉన్నవి ఐదు. వారానికి ఒకటి చొప్పున రాసినా, పాతదానితో కలిపి ఆరే అవుతాయి. ఎనిమిది కావు.

ఈ మాట పదమూడో వారంలో చెబితే సాకులా వినిపిస్తుంది. అందుకే ఇప్పుడే మా మేనేజరు గారికి చెప్పాను. చివరి రెండు అధ్యాయాల గురించి ఇంతవరకు కొత్తవాళ్లెవరూ అడగలేదు, వాటిని వచ్చే త్రైమాసికానికి జరపవచ్చా అని. ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించి, “ఆరోది మాత్రం వదలకండి, ఆడిట్‌కు అది కావాలి” అన్నారు. సరేనన్నాను.

చివరగా క్యాలెండర్‌లో మంగళవారం, గురువారం ఉదయం తొమ్మిది నుంచి పదింపావు వరకు రెండు గడులు మూశాను. రెండూ కలిపితే రెండున్నర గంటలు. పేరు దగ్గర ‘బిజీ’ అని కాకుండా ‘సెలవుల అధ్యాయం’ అనే రాశాను. ‘బిజీ’ అని రాసిన గడిని మొన్న నేనే చెరిపి సమావేశానికి ఇచ్చేశాను మరి.

నోటుపుస్తకం మూసేసరికి నాలుగుంబావు. మంగళవారం తొమ్మిదింటికి అప్పుడే ఒక సమావేశ ఆహ్వానం వచ్చి కూర్చుంది. పదిన్నరకు మార్చగలరా అని అడిగాను. ఇంకా జవాబు రాలేదు.