సీమంతం గాజులు: దారం చుట్టాక లోపల ఎంత మిగులుతుంది?

చిత్తూరులో మా ఆడపడుచు సీమంతానికి పట్టుదారం గాజుల సెట్ చేస్తున్నాను. నేనుండేది తిరుపతిలో కాబట్టి కొలతలన్నీ ఫోన్‌లోనే తీసుకోవాలి. రంగు తేలిగ్గానే కుదిరింది. మామిడిపండు పసుపు చీర, మెరూన్ అంచు, గాజులూ అవే రంగులు. ఎక్కువసేపు మాట్లాడుకున్నది సైజు గురించే.

"నాది రెండు ఆరు వదినా" అంది. అది గాజు గాజుల సైజు. రెండు అంటే రెండు అంగుళాలు, పక్కనున్న ఆరు అంటే అంగుళంలో పదహారింట ఆరు వంతులు. లోపలి వ్యాసం 60.3 మి.మీ. అవుతుంది. రెండు ఎనిమిది అయితే సరిగ్గా రెండున్నర అంగుళాలు, 63.5 మి.మీ. సైజుకీ సైజుకీ తేడా మూడు మి.మీ. చిల్లరే, కానీ చెయ్యి దూరేదీ దూరనిదీ అక్కడే తేలుతుంది.

పాత గాజు మీద స్కేలు పెట్టి ఫోటో పంపింది. స్కేలు బయటి అంచు నుంచి బయటి అంచుకి ఉంది, 66 చూపిస్తోంది. దాన్ని నమ్మితే దారం చుట్టడానికి రెండు పది సైజు ఉత్త గాజులు, అంటే బేస్‌లు, కొనాల్సి వచ్చేది! లోపలి అంచు నుంచి లోపలి అంచుకి, సరిగ్గా మధ్యలోంచి కొలవాలి. స్కేలును కాస్త అటూ ఇటూ జరిపి చూస్తే ఎక్కువగా వచ్చే అంకే వ్యాసం. గాజును పావు వంతు తిప్పి ఇంకోసారి కొలిస్తే అది గుండ్రంగా ఉందో లేదో కూడా తెలుస్తుంది.

పాత గాజు ఎలాగూ పాతదే, ఇప్పుడు ఏడో నెల, చేతులు కొంచెం ఉబ్బుతున్నాయి. అందుకే చేతినే కొలవమన్నాను, అదీ సాయంత్రం పూట. బొటనవేలు అరచేతిలోకి మడిచి, చిటికెన వేలి మొదలు వైపు లాగి, వేళ్ల కణుపుల దగ్గర చెయ్యి అన్నిటికన్నా వెడల్పుగా ఉండే చోట టేపు చుట్టాలి. టేపు లేకపోతే దారం చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద పరిస్తే సరి. మూసి ఉన్న గాజుకి మణికట్టు కొలత పనికిరాదు, ఎందుకంటే గాజు దాటాల్సింది కణుపుల్ని. 18.9 సెం.మీ. వచ్చింది. 3.14తో భాగిస్తే 60.2 మి.మీ. అంటే గాజు గాజుల్లో రెండు ఆరు ఇప్పటికీ ఎక్కుతుంది, బిగుతుగా.

నా గాజులకి మాత్రం అది చాలదు. సన్న బేస్ మీద ముప్పై పోగులు కలిపి చుడితే లోపలి వైపు దారం అర మి.మీ. దాకా మందం వస్తుంది. రెండు పక్కలా కలిపి ఒక మి.మీ. తగ్గుతుంది. రెండు ఆరు బేస్ చుట్టాక 59.3 దగ్గర ఆగుతుంది. పైగా దారం గాజులా జారదు, చర్మాన్ని పట్టుకుంటుంది. అందుకే రెండు ఎనిమిది బేస్ తీసుకున్నాను. ఒకటి చుట్టి కొలిస్తే 62.5 వచ్చింది. దారం చివర లోపల అంటిస్తే అక్కడ బొడిపె లేచి గుచ్చుకుంటుంది, అందుకే బయటివైపు, స్టోన్ చెయిన్ వచ్చే చోట అంటిస్తున్నాను.

సెట్టులో మొత్తం పదహారు. చేతికి ఆరు సన్నవి, అటూ ఇటూ రెండు పక్క గాజులు. సన్నవి ఐదు మి.మీ. వెడల్పు, పక్కవి పది, కాబట్టి చేతి మీద ఐదు సెం.మీ. ఆక్రమిస్తాయి. "పదహారు" అని ఊరుకుంటే చేతికి పదహారా, రెండు చేతులకా అని అడుగుతారు, అందుకే డబ్బా మీద రెండు చేతులకూ కలిపి అని విడిగా రాశాను. బేస్ ప్లాస్టిక్ అనీ, పట్టుదారం అంటున్నా దారం నిజానికి రేయాన్ అనీ, నీళ్లు తగిలితే మరక పడుతుందనీ కూడా రాశాను. పసుపు నీళ్లు, గంధం ఉండే ఫంక్షన్ కదా, అది చెప్పకపోతే కష్టం.

మా అత్తగారికి పూసల బ్రేస్‌లెట్ కూడా మొదలుపెట్టాను. దానికి కొక్కెం ఉంటుంది కాబట్టి మణికట్టు కొలతే చాలు. ఎముక కింద, టేపు బిగించకుండా 15.5 సెం.మీ. వచ్చింది. వదులుకి ఒక సెం.మీ. కలిపాను. ఇక్కడా మందం లోపలికే వస్తుంది. ఎనిమిది మి.మీ. పూసలకి, వాటి మందాన్ని 3.14తో హెచ్చవేస్తే వచ్చే రెండున్నర సెం.మీ. అదనంగా గుచ్చాలి. మొత్తం 19 సెం.మీ., అందులో కొక్కెం పొడవు తీసేస్తే మిగిలింది పూసలకి. నాకున్న కొక్కెం రింగులతో కలిపి మూడు సెం.మీ., కాబట్టి ఇరవై పూసలు పడతాయి.

సన్న గాజులు అయిపోయాయి. పక్కవాటికి మెరూన్ దారం ఇంకో ఉండ కావాలి. అదే షేడ్ దొరుకుతుందో లేదోనని మిగిలిన ముక్క పర్సులో పెట్టుకుని గోవిందరాజస్వామి గుడి వీధుల్లోకి వెళ్లాలి.