ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ పేపర్: బిజినెస్ ప్లాన్ ప్రశ్నలో మార్కులు పోయేది ఇక్కడే

ఫలితాలు వచ్చాయి, ఈ పేపర్ గట్టెక్కింది. ఇక రాయబోయేవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు. బిజినెస్ ప్లాన్‌లో ఏమేం ఉంటాయో అందరికీ తెలుసు. సారాంశం, ఉత్పత్తి, మార్కెట్, నిర్వహణ, ఆర్థిక ప్రణాళిక అని గడగడా రాసేస్తారు. నిధుల వనరులను ఇంకో జాబితాగా విడిగా రాస్తారు. ఈ రెంటినీ కలిపే లెక్క మాత్రం ఎక్కువ జవాబుల్లో కనిపించదు. ప్రాజెక్టు వ్యయం ఎంతో, దాన్ని సమకూర్చే నిధుల మొత్తం కూడా అంతే ఉండాలి.

ఉదాహరణకు, పల్లెటూళ్లో ఒక మహిళ చిరుధాన్యాల బిస్కెట్ల యూనిట్ పెడుతోందనుకోండి. యంత్రాలకు 6 లక్షలు, షెడ్డుకు 2 లక్షలు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. రోజువారీ ఖర్చులకు కావాల్సిన నిర్వహణ మూలధనం మరిచిపోతే యంత్రాలు బిగించాక పిండి కొనడానికి డబ్బుండదు.

దాన్ని రోజుల్లో లెక్కించండి. ముడిసరుకు నిల్వ 15 రోజులు, తయారైన సరుకు 15 రోజులు, దుకాణదారులు డబ్బిచ్చేసరికి 30 రోజులు. మొత్తం 60. పిండి అమ్మేవాళ్లు 30 రోజుల అరువిస్తే మన చేతినుంచి పెట్టాల్సింది సుమారు 30 రోజుల ఖర్చే. నెలకు 2 లక్షల ఖర్చయితే నిర్వహణ మూలధనం 2 లక్షలు. ప్రాజెక్టు వ్యయం 10 లక్షలు అయింది.

ఇప్పుడు వనరులు. ఈ యూనిట్‌కు ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం పీఎంఈజీపీ సరిగ్గా సరిపోతుంది. గ్రామీణ ప్రాంతంలో మహిళకు సొంత వాటా 5 శాతం, సబ్సిడీ 35 శాతం. అంటే 50 వేలు, 3.5 లక్షలు. మిగతా 6 లక్షలు రుణమని రాసేస్తే లెక్క కుదిరినట్టే ఉంటుంది కానీ పథకం నడిచే తీరు అది కాదు. బ్యాంకు 95 శాతం, అంటే 9.5 లక్షలు మంజూరు చేస్తుంది. సబ్సిడీ 3 ఏళ్లపాటు లబ్ధిదారు పేరిట టర్మ్ డిపాజిట్‌గా ఉంటుంది. దానికి వడ్డీ రాదు, అంత మేరకు రుణంపైనా వడ్డీ పడదు. సబ్సిడీ వల్ల రుణం అసలు మొత్తం తగ్గేది ఆ గడువు దాటి, అది సర్దుబాటు అయ్యాకే. ఈ రెండు వాక్యాలు రాస్తే పథకం పేరు కాదు, దాని పని తెలుసని దిద్దేవారికి అర్థమవుతుంది.

యంత్రాలకూ షెడ్డుకూ ఏళ్లతరబడి వాయిదాల్లో తీర్చే టర్మ్ లోన్, సరుకుకు అవసరాన్ని బట్టి తీసుకుని తిరిగి కట్టే క్యాష్ క్రెడిట్ అని విడదీసి చూపండి. ఏళ్లతరబడి వాడే యంత్రాన్ని నెలల్లో తీర్చాల్సిన అప్పుతో కొంటే, అది సంపాదించక ముందే వాయిదాలు మీద పడతాయి.

వెంచర్ క్యాపిటల్‌ను ఈ జవాబులో ఇరికించొద్దు. ఆ పెట్టుబడిదారులు వాటా తీసుకుని, ఎక్కువ ధరకు అమ్ముకుని బయటపడాలని చూస్తారు. ఈ మహిళ యూనిట్ లాంటి సొంత యాజమాన్య సంస్థ షేర్లు జారీ చేయలేదు. ప్రశ్నలో ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, వేగంగా పెరిగే వ్యాపారం అని ఉంటే అప్పుడు ఏంజెల్, వెంచర్ నిధుల గురించి రాయండి.