తేడా కుదరనప్పుడు కూడి చూడాలి: కోడింగ్, డీకోడింగ్ లెక్కలతో నా అనుభవం

రైల్వే ఎన్‌టీపీసీ మొదటి దశ పరీక్షలో 100 ప్రశ్నలకు 90 నిమిషాలే సమయం ఇస్తారు, తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోసేస్తారు. అందులో 30 ప్రశ్నలు రీజనింగ్‌వి, వాటిలో ఒక పదాన్ని ఏదో నియమంతో వేరే అక్షరాలుగానో సంఖ్యగానో మార్చి చూపే కోడింగ్, డీకోడింగ్ బిట్లు కూడా ఉంటాయి. పరీక్షను తెలుగులో రాసేవారికి కూడా ఈ బిట్లలోని అక్షరాలు ఇంగ్లీషువే. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన నాకు, ఏ అక్షరం ఎన్నోదో చెప్పడానికి A నుంచి వేళ్ల మీద లెక్కపెట్టుకునే అలవాటు పోవడమే మొదటి మెట్టు అయింది.

దానికి అనంతపురం జిల్లా గ్రంథాలయంలో చదువుకునే వారందరికీ తెలిసిన EJOTY అనే కొండగుర్తే నాకూ ఉపయోగపడింది. E 5, J 10, O 15, T 20, Y 25. ఈ ఐదు స్థానాలు నోటికి వస్తే, మొదట్లోని A, B తప్ప మిగిలిన ఏ అక్షరమైనా రెండడుగుల లోపే దొరుకుతుంది: R కావాలంటే T నుంచి రెండు వెనక్కి, అంటే 18. వెనుక నుంచి లెక్కించే స్థానాలను విడిగా బట్టీ పట్టనక్కరలేదు, ఎందుకంటే ముందు స్థానమూ వెనుక స్థానమూ కలిపితే ఎప్పుడూ 27 వస్తుంది. అందుకే A కి జత Z, M కి జత N, G కి జత T.

ఇక్కడి వరకు ఏ గైడులోనైనా ఉంటుంది. నన్ను చాలాకాలం ముందుకు పోనివ్వనిది దాని తర్వాతి దశ, అంటే ఇచ్చిన కోడ్‌లో ఏ నియమం ఉందో కనిపెట్టడం. అక్షరాలను జరపడమా, తిరగేయడమా, రెండూ కలిపి చేయడమా అన్నది ప్రశ్నలో చెప్పరు. అదే గ్రంథాలయంలో గ్రూప్స్‌కు చదువుతున్న ఒక అన్న నా రఫ్ కాగితం చూసి, "తేడాలు కుదరకపోతే కూడి చూడప్పా" అన్నాడు. ఆ ఒక్క మాటను పట్టుకుని నేను సాధన చేసిన తీరు ఒక ఉదాహరణతో చెబితేనే అర్థమవుతుంది.

MANGO అనే పదాన్ని OANUM అని రాస్తే TIGER ను ఎలా రాస్తారు అన్నది ప్రశ్న అనుకుందాం. పదం స్థానాలు, దాని కింద కోడ్ స్థానాలు, ఆ కింద తేడాలు, చివరి వరుసలో మొత్తాలు వేసుకోవాలి.

```
M   A   N   G   O
13  1   14  7   15
O   A   N   U   M
15  1   14  21  13
తేడా:   +2  0   0   +14  -2
మొత్తం: 28  2   28  28   28
```

అక్షరాలను ఒకే సంఖ్యతో జరిపి ఉంటే తేడాల వరుస అంతా ఒకటే సంఖ్య కావాలి, క్రమంగా జరిపి ఉంటే 1, 2, 3 లాంటి వరుస కనిపించాలి. ఇక్కడ రెండూ లేవు. మొత్తాల వరుసకు వస్తే నాలుగు చోట్ల 28 ఉంది, ఒక్క A దగ్గర 2 ఉంది. చాలామంది ఇక్కడే ఇదీ కుదరలేదని వదిలేస్తారు. నిజానికి Z దాటిన వెంటనే మళ్లీ A వస్తుంది కాబట్టి 26 తేడా ఉన్న మొత్తాలు రెండూ ఒకటే: 2 కు 26 కలిపితే 28. అంటే వరుస అంతా 28 అయినట్టే. జత అక్షరాలే రాసి ఉంటే మొత్తం 27 రావాలి. 28 వచ్చిందంటే ప్రతి అక్షరానికీ జతను రాసి, ఆ జతను ఒక అడుగు ముందుకు జరిపారన్నమాట. మొత్తం 27 కంటే ఎంత ఎక్కువో తక్కువో, జరిపింది అంత.

ఇక TIGER లోని ప్రతి స్థానాన్నీ 28 నుంచి తీసేస్తే 8, 19, 21, 23, 10 వస్తాయి. జవాబు HSUWJ. ప్రశ్న తయారుచేసేవారు పక్కన పెట్టే ఆప్షన్లు ఎలాంటివో గమనించడం నాకు ఈ లెక్క కంటే ఎక్కువ మేలు చేసింది. GRTVI అన్నది జరపకుండా జతలు మాత్రమే రాసినవారి కోసం. FQSUH అన్నది వెనక్కి జరిపినవారి కోసం. VIGSP అన్నది పై తేడాలను +2, 0, 0, +14, -2 అని యథాతథంగా TIGER మీద వేసినవారి కోసం. ఈ చివరిది నన్ను బాగా ఆలోచింపజేసింది, ఎందుకంటే ఇచ్చిన ఒక్క ఉదాహరణ దానికి కూడా అడ్డు చెప్పదు. ఒక ఉదాహరణ నుంచి నియమం ఒకటే అని గణితపరంగా ఎవరూ నిరూపించలేరు. పదం మొత్తానికీ ఒకే మాటలో చెప్పగలిగిన నియమాన్నే పరీక్ష ఆశిస్తుంది. కాబట్టి ఐదు అక్షరాలకు ఐదు వేర్వేరు సంఖ్యలు అవసరమైతే, నియమం ఇంకా దొరకలేదనే నేను భావిస్తాను.

మొత్తాల వరుస మరో గుట్టు కూడా విప్పుతుంది. LAMP ను QNBM అని రాశారనుకోండి. తేడాలు +5, +13, -11, -3. ఏ పొంతనా లేదు. మొత్తాలు 29, 15, 15, 29. ఒకటే సంఖ్య కాదు గానీ, వరుసను ఎటునుంచి చదివినా ఒకేలా ఉంది. పదాన్ని తిరగేసి PMAL అని రాసి, ఆ తర్వాత అన్ని అక్షరాలనూ సమానంగా జరిపితే మొత్తాలు తప్పకుండా ఇలాగే వస్తాయి, ఎందుకంటే మొదటి అక్షరం చివరి అక్షరంతోనూ, చివరిది మొదటిదానితోనూ కలుస్తాయి. అప్పుడు కోడ్‌ను తిరగేసిన పదం కింద పెట్టి చూస్తే అంతటా +1 కనిపిస్తుంది. ఈ గుర్తు తెలిశాక, తిరగేసి చూడాలా వద్దా అని ఊహించాల్సిన పని నాకు లేకుండా పోయింది. అయితే జరిపే సంఖ్య అక్షరం అక్షరానికీ మారితే ఈ గుర్తు కనిపించకపోవచ్చు.

డీకోడింగ్ అడిగినప్పుడు దిశ విషయంలో జాగ్రత్త అవసరం. +3 జరిపిన కోడ్‌ను విప్పాలంటే -3 జరపాలి, తొందరలో మళ్లీ +3 వేస్తే ఆ తప్పు జవాబు కూడా ఆప్షన్లలో సిద్ధంగా ఉంటుంది. 28 నుంచి తీసేసే పై నియమంలో మాత్రం ఈ చిక్కు లేదు: HSUWJ ను మళ్లీ 28 నుంచి తీసేస్తే TIGER వస్తుంది, కోడ్ చేయడమూ విప్పడమూ ఒకే పని.

పదానికి సంఖ్య ఇచ్చే బిట్లలోనూ ఈ 27 పనికొస్తుంది. KADAPA స్థానాల మొత్తం 11, 1, 4, 1, 16, 1 కలిపి 34. వెనుక స్థానాల మొత్తం కావాలంటే ఒక్కో అక్షరాన్నీ మళ్లీ లెక్కించనక్కరలేదు. ఆరు అక్షరాలు కాబట్టి 27 ను 6 తో గుణించి 162 లోంచి 34 తీసేస్తే 128. ఇచ్చిన సంఖ్య 34 కాకుండా 40 అయితే, అక్షరాల సంఖ్యను కలిపారని అనిపిస్తుంది గానీ, అన్ని పదాలకూ 6 కలిపి ఉండవచ్చు కూడా. వేరే పొడవున్న మరో పదాన్ని ఉదాహరణగా ఇచ్చి ఉంటే దాని మీద సరిచూసిన తర్వాతే గుర్తు పెడతాను. ఒకటే ఉదాహరణ ఉంటే, అడిగిన పదం పొడవు మొదటిదానితో సమానమేమో ముందు చూస్తాను, ఎందుకంటే సమానమైతే రెండు నియమాలూ ఒకే జవాబు ఇస్తాయి.